గేటు దగ్గర దొరకని జ్వరం

విమానం దిగగానే నుదుటికి ఎదురుగా ఓ కెమెరా. పక్కనే తెల్లకోటు డాక్టరు. చేతికో ఫారం. ‘జ్వరం ఉందా, దగ్గు ఉందా, గొంతునొప్పి ఉందా?’ ప్రపంచంలో ఎక్కడ కొత్త ఫ్లూ పుట్టినా విమానాశ్రయాల్లో ముందుగా కనిపించే దృశ్యం ఇదే. ఇంత కాపలా పెట్టినా ఫ్లూ ఎప్పుడూ లోపలికి వచ్చేస్తూనే ఉంది. కాపలా సరిగ్గా లేకనా? కాదు. వెతికే చోట అది ఇంకా తలెత్తకపోవడం వల్ల!

నెల్లూరు తీరానికి విదేశం చాలా దగ్గర. మైపాడు వైపో, ముత్తుకూరు వైపో, అల్లూరు వైపో వెళ్తే గల్ఫ్‌లోనో, అమెరికాలోనో మనిషి ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. సొంత జిల్లాలో విమానాశ్రయం లేకపోతేనేం, చెన్నై ఉంది. విమానం దిగి కారెక్కితే నూట డెబ్భై అయిదు కిలోమీటర్లు. తెల్లవారుజామున దిగినవాళ్లు టిఫిన్ వేళకు ఊళ్లో ఉంటారు. పెట్టె తాళం తీయకముందే అత్తలూ, మేనమామలూ, ఎదురింటివాళ్లూ వచ్చేస్తారు. మధ్యాహ్నానికి చేపల పులుసు, సాయంత్రానికి గుడి. మర్నాడు బంధువుల ఇంట్లో పెళ్లి.

ఫ్లూ విషయంలో అసలు కథంతా ఈ ఒకటిన్నర రోజులోనే ఉంది. అది అర్థం కావాలంటే ముందు ఓసారి శంషాబాద్ వెళ్లాలి.

ఆ ఒక్కడూ దొరికాడు

అది 2009 మే నెల. మెక్సికో, అమెరికాల్లో ఏప్రిల్‌లో బయటపడిన కొత్త ఇన్‌ఫ్లుయెంజా దేశాలు దాటుతోంది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు హెచ్1ఎన్1. మనం పిలుచుకున్న పేరు స్వైన్‌ఫ్లూ. దేశంలోని 22 అంతర్జాతీయ విమానాశ్రయాల్లో వైద్య బృందాలను కూర్చోబెట్టారు. బయటి దేశాల నుంచి వచ్చే ప్రతి ఒక్కరూ ఆరోగ్య ఫారం నింపాలి. జ్వరం, దగ్గు ఉన్నట్టు తేలితే నేరుగా ఆసుపత్రికే.

మే 13న న్యూయార్క్ నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్‌కు వచ్చిన 23 ఏళ్ల యువకుడిలో లక్షణాలు కనిపించాయి. అతణ్ని ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి తరలించారు. నమూనాలు పరీక్షకు వెళ్లాయి. మే 16న ఫలితం వచ్చింది. దేశంలో నిర్ధారణ అయిన మొట్టమొదటి స్వైన్‌ఫ్లూ కేసు అదే. విమానంలో అతనితో పాటు ప్రయాణించిన వాళ్లను వెతికే పని మొదలైంది. ఆ యువకుడు కోలుకున్నాడు.

చూడ్డానికి ఇది కాపలా గెలిచిన కథ. నిజానికి ఆ రోజుకు గెలిచింది కూడా. కానీ ఒక్కసారి ఆలోచించండి... ఆ యువకుడు ఎందుకు దొరికాడు? జబ్బు బయటపడే సమయం, విమానం దిగే సమయం సరిగ్గా కలిశాయి కాబట్టి. ఒక రోజు ముందు ప్రయాణించి ఉంటే మామూలు మనిషిలాగే నడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. అలా వచ్చిన వాళ్లెందరో ఎవరికీ తెలీదు. అందుకే తెలిసిన మొదటి కేసు వేరు, వచ్చిన మొదటి కేసు వేరు.

ఆ తర్వాత సంగతి పుణె చెప్పింది. ఆగస్టు 3న అక్కడ 14 ఏళ్ల అమ్మాయి స్వైన్‌ఫ్లూతో చనిపోయింది. దేశంలో అదే తొలి మరణం. ఆ పాప ఏ విదేశానికీ వెళ్లలేదు. అంటే వైరస్ అప్పటికే బడుల్లో, ఇళ్లలో తిరుగుతోందన్నమాట. విమానాశ్రయాల్లో మాత్రం బల్లలు అలాగే ఉన్నాయి, ఫారాలు అలాగే నింపుతున్నారు. దొంగ నట్టింట్లో కూర్చుని అన్నం తింటుంటే వీధి గుమ్మం దగ్గర లాఠీ పట్టుకుని నిలబడ్డట్టు!

గురువారం ఎక్కి... శనివారం పడుకుని

ఫ్లూ వైరస్ ఒంట్లోకి వెళ్లాక వెంటనే జ్వరం రాదు. ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఎక్కువమందికి రెండు రోజులు. ఇంకో మెలిక ఉంది. జ్వరం రావడానికి దాదాపు ఒక రోజు ముందు నుంచే ఆ మనిషి ఇతరులకు వైరస్‌ని పంచగలడు. అక్కడి నుంచి అయిదు నుంచి ఏడు రోజుల దాకా పంచుతూనే ఉంటాడు.

ఈ లెక్కను ఓ ప్రయాణానికి అన్వయించి చూద్దాం. కువైట్‌లో పనిచేసే ఒకాయన సెలవు మీద మన తీరంలోని ఊరికి బయల్దేరాడనుకోండి. బుధవారం సాయంత్రం గదిలో పక్క మంచం మీద ఉండే మనిషి దగ్గుతున్నాడు. అక్కడే వైరస్ అంటుకుంది. ఈయనకేం తెలుసు? గురువారం రాత్రి విమానం ఎక్కాడు. అయిదు గంటల ప్రయాణం. శుక్రవారం తెల్లవారుజామున చెన్నైలో దిగాడు. కెమెరా ముందు నిలబెడితే ఒళ్లు మామూలుగానే ఉంది. ఫారంలో ‘జ్వరం లేదు’ అని రాశాడు. అబద్ధం కాదు, నిజమే రాశాడు. డాక్టరు ముద్ర వేసి పంపించాడు. ఆయన తప్పూ లేదు.

శుక్రవారం పది గంటలకు నెల్లూరు. భోజనం వేళకు ఊరు. సాయంత్రం ఇంటినిండా చుట్టాలు. సరిగ్గా ఆ సమయానికే ఆయన వైరస్‌ని వదలడం మొదలుపెట్టాడు. ఇంకా ఒళ్లు వెచ్చబడలేదు, కాబట్టి ఎవరూ జాగ్రత్తపడలేదు. శనివారం రాత్రికి చలి, ఒళ్లునొప్పులు, జ్వరం. ‘నీళ్లు మారాయి, ప్రయాణం బడలిక’ అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పారు. ఆది, సోమవారాలకు శుక్రవారం వచ్చిన చుట్టాల్లో ఒకరిద్దరు మూలుగుతూ పడుకున్నారు.

ఇందులో ఎవరు నిబంధన తప్పారు? ఎవ్వరూ తప్పలేదు. యంత్రం పనిచేసింది, ప్రయాణికుడు నిజం చెప్పాడు, డాక్టరు చూశాడు. అయినా జబ్బు ఊరికి చేరింది. జ్వరం రావడానికి పట్టే రెండు రోజుల కన్నా, కువైట్ నుంచి మన ఊరికి రావడానికి పట్టే సమయం చాలా తక్కువ. లోపం యంత్రంలో కన్నా ఈ తేడాలోనే ఎక్కువగా ఉంది.

తెర చూసేది చర్మాన్నే

పోనీ, అప్పటికే జ్వరం వచ్చినవాళ్లయినా దొరుకుతారా అంటే అదీ పూర్తిగా కాదు. థర్మల్ స్కానర్ థర్మామీటర్ లాంటిది కాదు. థర్మామీటరు నాలుక కింద పెడితే ఒంటి లోపలి వేడి తెలుస్తుంది. స్కానర్ అంత దూరం నుంచి లోపలికి చూడలేదు. మన చర్మం నుంచి కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడి వెలువడుతుంటుంది. దాన్ని పట్టి, తెరమీద రంగులుగా చూపిస్తుందంతే. లోపల జ్వరం ఎంతన్నది ఆ చర్మపు వేడిని బట్టి వేసే అంచనా.

చర్మమేమో ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. ముఖం మొత్తంలో ఒంటి లోపలి వేడికి కాస్త దగ్గరగా ఉండేది ముక్కు పక్కన కంటి లోపలి మూల. కళ్లజోడు పెట్టుకుంటే అది కనపడదు. తల దించుకుని సెల్‌ఫోన్ చూసుకుంటూ నడిస్తే కనపడదు. చెమట పడితే నుదురు చల్లబడుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలినా అంతే. మరోవైపు, బరువైన బ్యాగులు మోసుకుంటూ పరుగున వచ్చినవాళ్ల ముఖం, విమానంలో రెండు పెగ్గులు వేసుకున్నవాళ్ల ముఖం జబ్బు లేకున్నా ఎర్రగా వెలుగుతుంది.

అందుకే పద్ధతి ప్రకారం చేయాలంటే స్కానర్‌ను గాలి తగలని చోట పెట్టాలి. కచ్చితమైన వేడి వద్ద ఉంచిన ఓ చిన్న పలకను దాని ముందుంచి, దాంతో పోల్చి సరిచేసుకుంటూ ఉండాలి. ప్రయాణికుల్ని గుంపుగా కాకుండా ఒక్కొక్కరినే ఆపి, కళ్లజోడు తీయించి, ముఖం నేరుగా పెట్టించాలి. గంటలో మూడు నాలుగు విమానాలు దిగే చోట ఇదెంత సాధ్యమో వేరే చెప్పక్కర్లేదు.

2020లో చేతి తుపాకీల్లాంటి థర్మామీటర్లను అందరం చూశాం. చెక్‌పోస్టుల దగ్గర, సూపర్‌మార్కెట్ల దగ్గర, ఆఖరికి కల్యాణ మండపాల దగ్గర కూడా నుదుటికి గురిపెట్టేవాళ్లు. ఎండలో నిలబడ్డవాడికీ, ఏసీ కారు దిగినవాడికీ అంకె వేరుగా వచ్చేది. సరిగ్గా ఆ ఇబ్బందే ఇక్కడా.

ఇక అన్నిటికన్నా సులువైన తప్పుదారి మాత్ర. పారాసిటమాల్ వేసుకున్న అరగంట, గంటలో జ్వరం దిగుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలు అలాగే ఉంటుంది. గల్ఫ్ నుంచి చెన్నైకి పట్టే సమయమూ దాదాపు అంతే! కొందరు కావాలనే వేసుకుంటారు. సెలవు నెలరోజులే, అందులో వారం ఆసుపత్రిలో పోతే ఎలా అన్న భయం. చాలామందికి ఆ ఉద్దేశం కూడా ఉండదు. తలనొప్పికి వేసుకున్న మాత్రే కెమెరాకు గంతలు కడుతుంది.

లెక్కలు ఏం చెప్పాయి?

ఇవన్నీ ఊహలు కావు. 2009లోనే కొన్ని దేశాలు లెక్క తీసి చూసుకున్నాయి. విమానాశ్రయ నిర్వహణలో సింగపూర్‌ను మించినవాళ్లు లేరంటారు. అక్కడ ఆ ఏడాది బయటి నుంచి స్వైన్‌ఫ్లూ తెచ్చుకున్న 116 మంది వివరాలను డాక్టర్లు పరిశీలించారు. వాళ్లలో నాలుగోవంతు మంది జబ్బు మొదలయ్యాకే ప్రయాణించారు. మరో 15 శాతం మందికి ప్రయాణంలో మొదలైంది. మిగిలిన అరవై శాతం మందికి దిగేనాటికి ఏమీ లేదు. మొత్తం మీద విమానాశ్రయంలోని స్కానర్లు పట్టుకున్నది సుమారు 12 శాతం మందినే.

ఈ అంకెల్ని వందమందికి మార్చి చూస్తే సంగతి తేటపడుతుంది. వందమంది రోగులు దిగారు. అరవైమందిని ఏ యంత్రమూ పట్టలేదు, ఎందుకంటే వాళ్ల ఒంట్లో ఇంకా జబ్బు గుర్తులే లేవు. మిగిలిన నలభైమందిలో పన్నెండుమంది దొరికారు. ఇరవై ఎనిమిదిమంది... దగ్గు ఉండి జ్వరం లేనివాళ్లు, మాత్ర వేసుకున్నవాళ్లు, కెమెరా కన్ను తప్పినవాళ్లు. ప్రపంచంలోనే మేటి స్కానర్ తెచ్చిపెట్టినా అది సరిదిద్దగలిగేది ఆ ఇరవై ఎనిమిదిమందిలో కొందరిని మాత్రమే. అరవైమంది జోలికి అది వెళ్లలేదు.

జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో ఇంకో కోణం బయటపడింది. 2009 సెప్టెంబరు నుంచి 2010 జనవరి దాకా అక్కడ పరీక్షించిన ప్రయాణికుల్లో తొమ్మిదిమందికి హెచ్1ఎన్1 నిర్ధారణ అయింది. ఆ తొమ్మిదిమందిలో దిగేసరికి జ్వరం ఉన్నవాళ్లు ఇద్దరే! ఫ్లూ అంటే జ్వరమే అనుకుంటాం గానీ, దగ్గు, గొంతునొప్పి, నీరసంతోనే సరిపెట్టుకునే రోగులు చాలామంది ఉంటారు. వయసు మళ్లినవాళ్లలో అయితే ఒక్కోసారి ఫ్లూ ముదిరినా ఒళ్లు పెద్దగా కాలదు.

ఇక వల నిండా అవసరం లేని చేపలు పడటం మరో చిక్కు. 2003లో సార్స్ వచ్చినప్పుడు కెనడా దాదాపు 65 లక్షల మంది ప్రయాణికులను పరీక్షించింది. వారిలో తొమ్మిదివేల మందికి పైగా పక్కకు పంపి వైద్య సిబ్బందితో మళ్లీ చూపించింది. సార్స్ ఉన్నవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. అరుదైన జబ్బును మామూలు లక్షణంతో వెతికితే ఇలాగే అవుతుంది. మన దగ్గరైతే డెంగీ జ్వరం, మలేరియా జ్వరం, టైఫాయిడ్ జ్వరం... అన్నీ ఆ తెరమీద ఒకే రంగులో కనిపిస్తాయి.

సార్స్‌కూ ఫ్లూకూ ఓ ముఖ్యమైన తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సార్స్ రోగి జ్వరం వచ్చి బాగా జబ్బుపడ్డాకే ఎక్కువగా అంటిస్తాడు. కాబట్టి జబ్బుపడ్డవాళ్లను వెంటనే ఆసుపత్రుల్లో విడిగా ఉంచి 2003లో దాన్ని అణచగలిగారు. ఆ విజయం చూసి ‘అదే మందు ఫ్లూకీ పనిచేస్తుంది’ అనుకున్నారు. ఫ్లూ రోగి జబ్బుపడక ముందే అంటిస్తాడు. జబ్బు స్వభావమే మారిపోయినప్పుడు మందెలా పనిచేస్తుంది?

పసుపు జెండా కథ

అసలీ ఆలోచన విమానాలది కాదు, ఓడలది. కృష్ణపట్నం లాంటి రేవుకు విదేశీ ఓడ వస్తే ఇప్పటికీ ఆ పాత ఆచారం కనిపిస్తుంది. ‘నా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతి ఇవ్వండి’ అని చెప్పడానికి పసుపు జెండా ఎగరేస్తారు. ఓడలో ఎవరికైనా జ్వరం వచ్చిందా, ఎవరైనా చనిపోయారా అన్న వివరాలతో కెప్టెన్ ఆరోగ్య పత్రం ఇస్తాడు. రేవు ఆరోగ్య అధికారి సరేనన్నాకే మనుషులు దిగడం. క్వారంటైన్ అన్న మాటకు మూలం కూడా ఓడలే. ప్లేగు కాలంలో ఇటలీ రేవుల్లో ఓడల్ని నలభై రోజులు దూరంగా ఆపేవాళ్లు. ‘నలభై’ అన్న ఇటాలియన్ మాట నుంచే ఈ పేరొచ్చింది.

ఓడకు ఇది ఎందుకు కుదిరింది? ఓడ నెమ్మది కాబట్టి. ఇండోనేషియా నుంచి బొగ్గు ఓడ మన తీరానికి రావడానికి వారం అటూ ఇటూ పడుతుంది. ఎక్కేటప్పుడు ఎవరికైనా ఫ్లూ అంటుకుని ఉంటే రెండో రోజో మూడో రోజో సముద్రం మీదే బయటపడుతుంది. పాతికమంది లోపు సిబ్బంది. దాచాలన్నా దాగదు. అంటే ప్రయాణమే క్వారంటైన్. విమానంలో ఆ అవకాశం లేదు. సముద్రం చేసిపెట్టే పనిని రన్‌వే చేయలేదు.

అయితే ఓడలన్నీ కూడా ఒకటి కాదు. కిక్కిరిసిన ఓడలో ఒకరు కోలుకునేసరికి ఇంకొకరు పడతారు. గొలుసు తెగదు. 1918లో జరిగిందదే. మే నెలాఖరులో బొంబాయి రేవుకు సైనికుల ఓడ వచ్చింది. జూన్ 10న రేవులో కాపలా కాసే ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. అక్కడి నుంచి ఆ జబ్బు రైలెక్కి దేశమంతా తిరిగింది. ఆ విషజ్వరాలకు మన దేశంలో కోటిమందికి పైగా చనిపోయారని అంచనా.

మరి ఆంక్షలు ఎక్కడా పనిచేయలేదా? పనిచేసిన చోటు ఒకటుంది. పసిఫిక్ సముద్రంలో సమోవా దీవులున్నాయి. 1918లో ఓ భాగం అమెరికా పాలనలో, మరో భాగం న్యూజిలాండ్ పాలనలో ఉండేవి. ఆ నవంబరు 7న ఆక్లాండ్ నుంచి వచ్చిన టలూన్ అనే ఓడను పశ్చిమ సమోవాలో ఆపకుండా దిగనిచ్చారు. ఓడలో జబ్బుపడినవాళ్లున్నారు. కొద్ది వారాల్లోనే ఆ దీవుల జనాభాలో దాదాపు అయిదోవంతు తుడిచిపెట్టుకుపోయింది. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ జాన్ పోయర్ రేవును కట్టుదిట్టం చేశాడు. బయటివాళ్లెవరినీ క్వారంటైన్ లేకుండా రానివ్వలేదు. అక్కడ ఆ ఏడాది ఫ్లూతో ఒక్కరూ చనిపోలేదు.

తేడా ఎక్కడుంది? అక్కడ జ్వరం ఉన్నవాళ్లను ఏరలేదు, వచ్చిన ప్రతివాళ్లనూ ఆపారు. వైరస్ రాకముందే ఆపారు. పైగా అది దీవి, తలుపు ఒక్కటే. నెల్లూరు దీవి కాదు. చెన్నై - కోల్‌కతా హైవే ఊరి పక్కనుంచే పోతుంది. రైళ్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఒక్క చెన్నై విమానాశ్రయంలో తలుపు వేసినా బెంగళూరు, హైదరాబాద్, తిరుపతి దారులన్నీ తెరిచే ఉంటాయి.

‘ఇంట్లో ఉండండి’ అంటే...

స్కానర్‌కు అందని అరవైమందిని పట్టగలిగేది క్వారంటైన్ ఒక్కటే. ఫ్లూకు నాలుగు రోజులు ఆగితే జబ్బు రావాల్సినవాళ్లకు వచ్చేస్తుంది. 2009లో మన దేశంలో పెట్టుకున్న గడువు ఏడు రోజులు. కాగితం మీద ఇది చక్కటి నిబంధన. ఊళ్లోకి వచ్చేసరికి ఏమవుతుంది?

రెండు గదుల ఇల్లు. అందులో ఆరుగురు. వచ్చిన మనిషికి విడిగా గది ఎక్కడిది? నాలుగేళ్ల తర్వాత వచ్చిన తండ్రి ఒళ్లో పిల్లాడు కూర్చోకుండా ఎవరు ఆపుతారు? ఏడు రోజులూ ఒకే ఇంట్లో ఉంటే, జబ్బు ఇంట్లోవాళ్లలో ఒకరికి అంటుకుని, వాళ్లు బజారుకు వెళ్తే క్వారంటైన్ ఎవరికి పెట్టినట్టు? అందరినీ ప్రభుత్వ శిబిరాల్లో పెడదామంటే రోజుకు వేలమంది దిగుతారు. ఒకే హాల్లో వందమందిని పడుకోబెడితే అక్కడ లేనివాళ్లకూ అంటుకుంటుంది.

ఇంకో సంగతి. నిబంధన ఎంత కఠినంగా ఉంటే దాచిపెట్టేవాళ్లు అంత ఎక్కువవుతారు. 2009లో మొదట్లో అనుమానం వచ్చిన ప్రతివాళ్లనూ ఆసుపత్రిలోనే ఉంచాలన్నారు. దాంతో జలుబు చేసినా చెప్పడానికి భయపడ్డారు. ఆ ఆగస్టులో పద్ధతి మారింది. రోగుల్ని ఎ, బి, సి అని మూడు వర్గాలుగా చేసి, తేలికపాటి జబ్బున్నవాళ్లు ఇంట్లోనే విడిగా ఉండొచ్చని, ప్రమాదం ఉన్నవాళ్లకే ఆసుపత్రి అని కేంద్రం చెప్పింది. గేటు దగ్గర వెతకడం కన్నా లోపల రోగుల్ని కాపాడుకోవడం ముఖ్యమన్న దారికి వచ్చినట్టే.

నెల్లూరు చూసిన పాఠం

ఈ పాఠం నెల్లూరుకు నేరుగా అనుభవంలోకి వచ్చింది 2020లో. అది ఫ్లూ కాదు, కరోనా. కానీ కాపలా పద్ధతి ఒకటే. ఆ ఏడాది మార్చి 4న విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులందరికీ పరీక్షలు చేస్తామని కేంద్రం ప్రకటించింది. ఇటలీ నుంచి వచ్చిన ఓ యువకుడు ఆ రోజుల్లోనే నెల్లూరు చేరుకున్నాడు. విమానాశ్రయాలు దాటి ఇంటికి వచ్చాక ఆరోగ్యం దెబ్బతిని ఆసుపత్రిలో చేరాడు. మార్చి 12న పాజిటివ్ అని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు అదే. తర్వాత అతను కోలుకున్నాడు.

కరోనాలో లక్షణాలు కనపడటానికి అప్పట్లో సగటున అయిదు రోజులు పట్టేది. ఫ్లూ కన్నా ఎక్కువ. కాబట్టి దిగేసరికి జ్వరం లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ఆ కేసు తేలింది విమానాశ్రయంలో కాదు, నెల్లూరు ఆసుపత్రిలో. ‘నేను ఫలానా దేశం నుంచి వచ్చాను’ అన్న ఒక్క మాట డాక్టరు చెవిన పడటమే అక్కడ స్కానర్.

ఫ్లూ ఎప్పుడూ విమానంలోనే రావాలని కూడా లేదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోని చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకింది. ఏటా పులికాట్‌కు వలస వచ్చే పక్షులకు పాస్‌పోర్టు ఉండదు కదా. 2025లో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప బర్డ్‌ఫ్లూతో చనిపోయినప్పుడూ ఆ ఇంటికి విదేశీ ప్రయాణంతో సంబంధం లేదు. ఇలాంటివి గేటు కాపలాకు అందవు.

మరి ఆ బల్ల ఎందుకు?

అయితే విమానాశ్రయంలో డాక్టర్ల బల్ల పూర్తిగా దండగా? అలా అనడమూ సరికాదు. పరీక్షలు పెట్టిన దేశాల్లో, పెట్టని దేశాల కన్నా 2009లో ఫ్లూ స్థానికంగా పాకడం వారం పది రోజులు ఆలస్యమై ఉండొచ్చని ఓ అంచనా ఉంది. అదీ కచ్చితం కాదు. ఆ పది రోజుల్లో ఆసుపత్రుల్లో పడకలు, మందులు సిద్ధం చేసుకుంటే లాభమే. చేసుకోకపోతే ఆ ఆలస్యం వృథా. విమానాశ్రయాల్లో లోపలికి వచ్చేవాళ్లకు జ్వరపరీక్షలు ఫ్లూ మహమ్మారికి సిఫారసు చేయదగ్గవి కావని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లో చెప్పింది.

బల్ల దగ్గర నిజంగా విలువైనది కెమెరా కాదు, చేతిలో పెట్టే కాగితం. ‘వారంలోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి. డాక్టరుకు ప్రయాణం సంగతి ముందే చెప్పండి’ అన్న ముక్క. ఎందుకంటే జ్వరం వచ్చేది కౌంటరు దగ్గర కాదు, ఇంటి దగ్గర. ఆ ఇంటికి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో అడిగే డాక్టరు, నమూనా తీసే ఏర్పాటు, దాన్ని పరీక్షించే ల్యాబ్ ఉంటే కొత్త ఫ్లూ ముందుగా అక్కడ తేలుతుంది. ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ మందు కూడా లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది. ‘బడలికే’ అనుకుని మూడు రోజులు ఆగితే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

ఇంట్లో చేయాల్సిందీ పెద్ద కష్టమేం కాదు. కొత్త ఫ్లూ తిరుగుతున్న దేశం నుంచి మనిషి వస్తే మొదటి నాలుగు రోజులు పెళ్లిళ్లకూ, జాతరలకూ పంపకుండా ఉండటం. గర్భిణులను, ఉబ్బసం, షుగర్ ఉన్న పెద్దవాళ్లను, చంటిపిల్లలను ఆ నాలుగు రోజులూ కాస్త దూరంగా ఉంచడం. మాట్లాడుకోవడం వరండాలో, గాలి ఆడే చోట పెట్టుకోవడం. దగ్గు మొదలైతే మాస్కు కట్టుకుని ఒక మూల గది, గది లేకపోతే ఒక మూల మంచం. జ్వరం మాత్ర వేసుకుంటే వేసుకున్నామని డాక్టరుకు చెప్పడం.

వచ్చిన మనిషి సూట్‌కేసులో ఏం తెచ్చాడో విమానాశ్రయంలో ఎక్స్‌రే యంత్రం చెబుతుంది. ఒంట్లో ఏం తెచ్చాడో మాత్రం ఇంటికొచ్చిన రెండో రోజున, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిన అమ్మకే ముందు తెలుస్తుంది.